తిరస్కరణ మెయిల్‌లో ఏది మెత్తబడాలి, ఏది మెత్తబడకూడదు

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో ఒక చిన్న తెలుగు వెబ్ పత్రిక. సబ్ ఎడిటర్ ఉద్యోగానికి రాత పరీక్ష రాసి, వరంగల్ నుంచి ముఖాముఖికి కూడా వచ్చిన ఒక అభ్యర్థికి పంపమని మా ఎడిటర్ గారు ఈ మెయిల్ రాసిచ్చారు: "మీ పరీక్ష చూశాము. మీ అనువాదం మా ప్రమాణాలకు సరిపోదు. మీరు ఈ ఉద్యోగానికి తగరు. మీ దరఖాస్తును తిరస్కరించాము. ఈ విషయంలో మళ్లీ ఫోన్ చేయవద్దు." మరీ కటువుగా ఉందని నేను ఇలా మార్చాను: "మీ ప్రతిభ మమ్మల్ని ఎంతగానో ఆకట్టుకుంది. అయితే ప్రస్తుత పరిస్థితుల్లో మీ అభ్యర్థిత్వాన్ని ముందుకు తీసుకువెళ్లలేకపోతున్నాము. తగిన అవకాశం ఉన్నప్పుడు తప్పకుండా సంప్రదిస్తాము." అది చూసి ఎడిటర్ గారు, "ఇంతకీ ఉద్యోగం ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?" అన్నారు. పరీక్షలో ముప్పావుగంటలో మూడు ఏజెన్సీ వార్తలు అనువదించాలి. ఆ అభ్యర్థి రెండే పూర్తి చేశారు, ఒకదానిలో 1.2 మిలియన్‌ను 1.2 లక్షలు అని రాశారు. సాగునీటి వార్తకు ఆయన పెట్టిన శీర్షిక మాత్రం డెస్క్‌లో అందరికీ నచ్చింది. మర్యాద తగ్గకుండా, నిర్ణయం మాత్రం స్పష్టంగా ఉండేలా ఎలా రాయాలి?

జవాబు:

పత్రికల డెస్కులకూ ప్రచురణ సంస్థలకూ మనుషులను ఎంపిక చేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఇటువంటి ఉత్తరాలు రాయడంతో పాటు, ఇతరులు రాసినవాటిని దిద్దడం కూడా ఆ పనిలో భాగమే. మీ ఎడిటర్ గారి ప్రతి, మీ ప్రతి రెండూ పక్కపక్కన ఉండడం వల్ల సమస్య ఎక్కడుందో తేలికగానే కనిపిస్తోంది.

ఎడిటర్ గారి ప్రతిలో అయిదు వాక్యాలున్నాయి. మొదటి వాక్యం జరిగిన పనిని చెబుతోంది. రెండవది రాత మీద తీర్పు, మూడవది ఏకంగా మనిషి మీద తీర్పు. నాలుగవది నిర్ణయం, అయిదవది ఆజ్ఞ. చదివే మనిషిని నొప్పించేవి రెండవ, మూడవ, అయిదవ వాక్యాలు. ఉద్యోగం రాలేదన్న సంగతి బాధ కలిగిస్తుంది, నిజమే. కానీ ఆ బాధ ఎంత తియ్యగా రాసినా తప్పేది కాదు, అభ్యర్థి కూడా దానికి కొంత సిద్ధపడే ఉంటారు. "మీరు తగరు" అన్న మాటకు మాత్రం ఎవరూ సిద్ధపడి ఉండరు. మీరు ప్రతిని మార్చేటప్పుడు నొప్పించే మూడు వాక్యాలతో పాటు, ఉంచవలసిన నాలుగవ వాక్యాన్ని కూడా తీసివేశారు. దాని స్థానంలో వచ్చిన వాక్యం నిర్ణయాన్ని చెప్పడం లేదు, నిర్ణయం చుట్టూ తిరుగుతోంది. కాబట్టి చేయవలసిన పని ఇది: నిర్ణయం చెప్పే వాక్యాన్ని ఎడిటర్ గారి ప్రతిలో ఉన్నంత నేరుగానే ఉంచి, మిగిలిన నాలుగు వాక్యాలనూ మళ్లీ రాయాలి.

నిర్ణయం చెప్పే వాక్యం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే తెలుగులో ఇక్కడ క్రియాపదమే మొత్తం పని చేస్తుంది. "ముందుకు తీసుకువెళ్లలేకపోతున్నాము" అన్నప్పుడు అందులో రెండు సంకేతాలు అభ్యర్థికి చేరతాయి. "లేకపోవడం" అశక్తతను చెబుతుంది. అంటే సంస్థకు ఇష్టమే గానీ ఏదో అడ్డుపడిందని ఆయన అనుకుంటారు. "తున్నాము" ఇప్పటి సంగతిని చెబుతుంది. అంటే రేపు మారవచ్చని అనుకుంటారు. దానికి "ప్రస్తుత పరిస్థితుల్లో" అన్న మాట తోడైతే, పరిస్థితులు మారేదాకా ఎదురుచూడమని మీరే చెప్పినట్టవుతుంది. చివరి వాక్యంలో "తప్పకుండా సంప్రదిస్తాము" అని కూడా ఉంది గనుక, ఆ మెయిల్ చదివి నెల తరువాత "ఏమైందండీ?" అని ఫోన్ చేసే అభ్యర్థిని తప్పుపట్టలేము. ఎడిటర్ గారు వద్దంటున్న ఫోను మీ ప్రతి వల్లనే వస్తుంది.

అలాగని "తిరస్కరించాము" అన్న మాటను నేను సమర్థించను. అది స్పష్టంగానే ఉంది, కానీ ఇక్కడ సరిగ్గా అతకదు. మన వ్యవహారంలో ఎన్నికల నామినేషన్‌ను తిరస్కరిస్తారు, రుణం కోసం పెట్టుకున్న అర్జీని తిరస్కరిస్తారు. పత్రాల్లో లోపమో, అర్హత లేకపోవడమో కారణమన్న ధ్వని అందులో ఉంటుంది. ఈయన దరఖాస్తులో లోపం లేదు. అది సరిగా ఉన్నందువల్లనే మీరు పరీక్షకు పిలిచారు, ఆ తరువాత ముఖాముఖికీ పిలిచారు. చివరికి మరొకరిని ఎంచుకున్నారు, జరిగింది అంతే. జరిగినదాన్ని జరిగినట్టు చెబితే ఈ సందర్భంలో వాక్యం దానంతటదే సౌమ్యంగా మారుతుంది: "ఈ ఉద్యోగానికి మేము మరొక అభ్యర్థిని ఎంపిక చేశాము."

ఈ ఒక్క వాక్యం చాలదు. ఖాళీలు ఒకటికి మించి ఉన్నాయేమోనన్న ఊహ అభ్యర్థి మనసులో ఉంటే, "ఒకరిని తీసుకున్నారు, రెండవది నాకేమో" అన్న సందు మిగిలిపోతుంది. అందువల్ల వెంటనే "మీరు ఎంపిక కాలేదు" అన్న మాట కూడా రావాలి. పరీక్షా ఫలితాల జాబితాలు చూస్తూ పెరిగిన మనకు "ఎంపిక కాలేదు" అన్నది అలవాటైన మాట. అందులో నింద లేదు, సందేహమూ లేదు. రెండింటినీ కలిపితే ఇలా వస్తుంది: "ఈ ఉద్యోగానికి మేము మరొక అభ్యర్థిని ఎంపిక చేశాము, మీరు ఎంపిక కాలేదని తెలియజేస్తున్నాము." మొదటి భాగం ఏం జరిగిందో చెబుతుంది, రెండవ భాగం ఆయనకు అది ఏమవుతుందో చెబుతుంది. ఈ వాక్యానికి ముందు గానీ వెనుక గానీ "ప్రస్తుతానికి", "ఈసారికి", "బహుశా", "దురదృష్టవశాత్తూ" వంటి మాటలేవీ చేర్చకండి. మొదటి మూడూ తలుపు ఓరగా తెరిచి ఉంచుతాయి. నాలుగవది జరిగినదాన్ని అదృష్టం మీదికి నెడుతుంది. మీరు ఆలోచించి తీసుకున్న నిర్ణయాన్ని అదృష్టానికి అప్పగించడం ఆయనకూ గౌరవం కాదు, మీకూ కాదు.

విచారం చెప్పాలనిపిస్తే ఒక్కసారి చెప్పవచ్చు, తప్పనిసరి మాత్రం కాదు. "చింతిస్తున్నాము" అన్న మాట సంతాప సందేశాల వాసన వేస్తుంది కనుక నేను వాడను. "క్షమించండి" అసలే వద్దు. క్షమాపణ చెప్పినవారు ఏదో పొరపాటు చేసి ఉంటారని ఎదుటివారు అనుకోవడం సహజం, ఆ పొరపాటు ఏమిటో అడగడమూ సహజమే.

ఇక్కడ ఒక షరతు గుర్తుంచుకోవాలి. మీరు ఎంచుకున్న వ్యక్తి ఇంకా చేరి ఉండకపోవచ్చు. మన దగ్గర నోటీసు కాలం నెల నుంచి మూడు నెలల దాకా ఉంటుంది, ఈలోపు వారు మనసు మార్చుకోవడమూ జరుగుతుంది. అందుకే "నియమించాము" అని రాయకుండా "ఎంపిక చేశాము" అని రాయమంటున్నాను. నిర్ణయం తీసుకున్న రోజు నుంచే అది నిజమైన మాట. మొదటివారు రాకపోతే ఈయనను పిలుద్దామన్న ఆలోచన మీ ఎడిటర్ గారికి నిజంగా ఉంటే, అప్పుడు మీరు పంపవలసింది వేరే ఉత్తరం. అందులో ఆయన పేరు రెండవ స్థానంలో ఉందని, ఏదైనా సరే వచ్చే నెల ఫలానా తేదీలోగా తెలియజేస్తామని, ఈలోగా వేరే అవకాశం వస్తే మా కోసం ఆగవద్దని నేరుగా రాయాలి, ఆ తేదీకి మాట నిలబెట్టుకోవాలి. అటువంటి ఆలోచన లేకపోతే "లేదు" అనే రాయాలి. చాలా సంస్థలు ఈ రెండు ఉత్తరాలనూ కలిపి ఒకటిగా రాస్తాయి: అభ్యర్థి చేజారిపోకూడదు, మాట కూడా ఇవ్వకూడదు. మీ ప్రతిలో ఉన్న మబ్బుమాటలు నిజానికి అటువంటి ఉత్తరాల నుంచి వచ్చి అందరికీ అలవాటైనవే. వాటిని నమ్మి, చేతికొచ్చిన మరో ఉద్యోగానికి జవాబు చెప్పకుండా ఆగిపోయినవారిని నేను చూశాను. ఆ నష్టం ముందు, ఒక సూటి వాక్యం కలిగించే బాధ చాలా చిన్నది.

ఇక ఈ వాక్యం ఎక్కడ ఉండాలన్న ప్రశ్న. చెడ్డ కబురు చెప్పేముందు రెండు మూడు మంచి మాటలతో నేల మెత్తబరచాలని చాలామందికి నేర్పుతారు. అమెరికాలో వ్యాపార లేఖా రచనను బోధించిన కిట్టీ లాకర్ ఈ సలహాను విద్యార్థులపై ప్రయోగం చేసి చూసి, 1999లో ఫలితాలు ప్రచురించారు. అప్పు నిరాకరించే ఉత్తరాలూ, ఉన్నత విద్యలో ప్రవేశం నిరాకరించే ఉత్తరాలూ నమూనాగా తయారు చేసి చదివిస్తే, ముందు ఆ మెత్తని మాటలు ఉన్నా లేకపోయినా చదివినవారి స్పందనలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నిరాకరించిన తరువాత కూడా తమ సంస్థ మీద ఆసక్తి నిలపాలని గట్టిగా ప్రయత్నించిన ముగింపులు మాత్రం ఎదురుతిరిగాయి. అవి ఉద్యోగ లేఖలు కావు, చదివినవారు తెలుగువారూ కారు, అయినా నా అనుభవం దానితో సరిపోతుంది. పొగడ్తతో మొదలైన ఉత్తరంలో అభ్యర్థి "అయితే" కోసం వెతుకుతారు. అది దొరకగానే, పైన చదివిన పొగడ్త అంతా అబద్ధమనిపిస్తుంది.

దీనికి ఫోను కూడా ఒక కారణం. మెయిల్ రాగానే తెర మీద విషయపు పంక్తీ, ఉత్తరంలోని మొదటి కొన్ని మాటలూ మాత్రమే కనిపిస్తాయి. "మీ ప్రతిభ మమ్మల్ని ఎంతగానో ఆకట్టుకుంది" అన్నంతవరకు చూసిన మనిషి, బస్సులో ఉన్నా బంధువుల ఇంట్లో ఉన్నా, ఉద్యోగం వచ్చిందనే అనుకుంటారు. పక్కనున్నవారికి చెప్పినా చెబుతారు. ఆ తరువాత మెయిల్ తెరిచి చదివేవారి పరిస్థితిని ఊహించండి. అందుకే మొదటి మాటలు ఆశ పెట్టేవిగా ఉండకూడదు. వచ్చినందుకు ఒక్క వాక్యంలో ధన్యవాదాలు చెప్పి, రెండవ వాక్యంలోనే నిర్ణయం చెప్పండి. ఆ ధన్యవాదాలు కూడా ఎవరికైనా సరిపోయేవిగా కాకుండా, ఈయనకే చెందినవిగా ఉండాలి. ఆయన పరీక్ష రాశారు, వరంగల్ నుంచి ప్రయాణం చేసి వచ్చారు. ఆ సంగతి మీకు గుర్తుందని తెలిస్తే చాలు, "మీ అమూల్య సమయాన్ని వెచ్చించినందుకు" అన్న అరిగిపోయిన మాట అవసరం రాదు.

విషయపు పంక్తి గురించి ఒక్క మాట. "మీ దరఖాస్తు" అని మాత్రమే రాస్తే అందులో ఏమీ తెలియదు, "మీరు ఎంపిక కాలేదు" అని అక్కడే రాస్తే ఇతరుల కంట పడుతుంది. "సబ్ ఎడిటర్ నియామకంపై మా నిర్ణయం" అని రాయండి.

అన్నింటికంటే కష్టమైనది కారణం. ప్రైవేటు సంస్థ ప్రతి అభ్యర్థికీ కారణం రాసి తీరాలన్న నియమం సాధారణంగా లేదు. దరఖాస్తు దశలోనే ఆగిపోయిన వందమందికి నేను కూడా రాయను. కానీ మీ దగ్గర కూర్చుని పరీక్ష రాసి, మాట్లాడి వెళ్లిన మనిషికి ఒక్క కారణమైనా చెప్పడం న్యాయం. అయితే ఆ కారణం నిజమైనదై ఉండాలి, పనికి సంబంధించినదై ఉండాలి, ఒక్కటే అయి ఉండాలి.

మీ ముందు రెండు కారణాలున్నాయి: మూడవ వార్త పూర్తి కాకపోవడం, మిలియన్‌ను లక్షల్లోకి మార్చడంలో తప్పు. రెండవది డెస్క్‌లో తీవ్రమైన తప్పే. పన్నెండు లక్షలు కావలసినది లక్షా ఇరవై వేలయింది. అయినా ఉత్తరంలో దాన్ని చూపించవద్దని చెబుతాను. ఒక్క అంకెను వేలెత్తి చూపితే, "ఒక్క పొరపాటుకా నన్ను తీసేశారు?" అన్న వాదనకు చోటిచ్చినట్టవుతుంది, నిజానికి మీరు ఆ ఒక్కదాని కోసమే కాదనలేదు. పైగా రాతలో పడిన తప్పు మనిషి మనసులో చాలాకాలం నిలిచిపోతుంది. ఆయనే వివరం అడిగితే అప్పుడు చెప్పవచ్చు, చెప్పాలి కూడా, ఎందుకంటే ఇంకో డెస్క్‌లో ఆ తప్పు అచ్చు కాకుండా ఆగుతుంది.

మొదటి కారణం మంచిది, కానీ రాసేముందు మీ ఎడిటర్ గారిని ఒక ప్రశ్న అడగండి: "ఆయన మూడు వార్తలూ పూర్తి చేసి ఉంటే తీసుకునేవారా?" అవునంటే అదే కారణం. కాదంటే, ఎడిటర్ గారికి నచ్చనిది బహుశా వాక్యనిర్మాణం అయి ఉంటుంది. ఇంగ్లీషు వాక్యపు వరుసనే తెలుగులోకి దించడం, "ఏదైతే ఉందో అది" అంటూ సాగదీయడం వంటివి చూసి ఆయన "ప్రమాణాలకు సరిపోదు" అని ఉంటారు. అలా అయితే సమయాన్ని కారణంగా చూపడం అబద్ధమవుతుంది. అభ్యర్థి ఆ మాట నమ్మి, వేగం పెంచుకుని, మళ్లీ ఆరు నెలలకు అదే వాక్యాలతో మీ ముందుకు వస్తారు. తేలికగా చెప్పగలిగిన కారణాన్ని కాకుండా, నిజంగా నిర్ణయానికి దారితీసిన కారణాన్నే రాయాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

కారణాన్ని రాసేటప్పుడు వాక్యానికి కర్త ఎవరో చూసుకోండి. "మీరు మూడు వార్తలూ పూర్తి చేయలేకపోయారు" అంటే కర్త ఆయన. అది వేలు చూపినట్టుంటుంది. "మూడు వార్తలనూ ఇచ్చిన సమయంలో పూర్తి చేసిన అభ్యర్థికి ప్రాధాన్యం ఇచ్చాము" అంటే కర్త మీరు. సమాచారం అదే, పూర్తి చేయలేదన్న సంగతి ఆయనకు తెలుసు, కానీ ఇది మీ ఎంపికను వివరించే వాక్యం. "తగరు" అన్న మాటలో ఉన్న కాఠిన్యం ఇక్కడ పూర్తిగా కరిగిపోతుంది, స్పష్టత మాత్రం పెరుగుతుంది. ఇంకొకటి, కారణం ఎప్పుడూ నిర్ణయం తరువాతే రావాలి, గడిచిన కాలంలోనే ఉండాలి. నిర్ణయానికి ముందు కారణం వస్తే అది చర్చలా కనిపిస్తుంది. "ఇంకోసారి పరీక్ష పెట్టండి, పూర్తి చేసి చూపిస్తాను" అన్న జవాబు అక్కడి నుంచే పుడుతుంది.

వయసు, ఇల్లు ఎంత దూరం, పెళ్లి, పిల్లలు, రాత్రి షిఫ్టుకు ఇంట్లో ఒప్పుకుంటారో లేదో, ఇటువంటివి ఎంత సదుద్దేశంతో చెప్పినా ఉత్తరంలోకి రాకూడదు. ఒకే రకమైన పనికి మనుషులను తీసుకోవడంలో స్త్రీ పురుష వివక్షను 1976 నాటి సమాన వేతన చట్టమే నిషేధించింది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ కూడా నిషేధిస్తోంది. అసలు అవి మీ నిర్ణయంలో భాగమై ఉంటే, సరిచేయవలసింది ఉత్తరాన్ని కాదు, నిర్ణయాన్నే.

మంచి మాట చెప్పవచ్చా అంటే, చెప్పవచ్చు. శీర్షిక అందరికీ నచ్చిందని మీరే అన్నారు. అది నిజం, చిన్నది, ఫలానా చోట ఉన్నదని చూపించగలిగినది. నిర్ణయమూ కారణమూ చెప్పిన తరువాత ఒక్క వాక్యంలో దాన్ని రాయండి. "మీ ప్రతిభ" అన్న పెద్ద మాట ఇవ్వలేని ఓదార్పును, "సాగునీటి వార్తకు మీరు పెట్టిన శీర్షిక" అన్న చిన్న మాట ఇస్తుంది, ఎందుకంటే ఆ కాగితాన్ని ఎవరో నిజంగా చదివారని దానివల్ల తెలుస్తుంది. అటువంటిది ఏదీ లేని అభ్యర్థి విషయంలో మాత్రం కల్పించి రాయకండి, ఆ వాక్యాన్ని వదిలేయండి.

చివరిగా "మళ్లీ ఫోన్ చేయవద్దు". ఎడిటర్ గారి ఇబ్బంది నాకు అర్థమవుతోంది. డెస్క్ నడుస్తున్నప్పుడు ఇటువంటి ఫోన్లు పని చెడగొడతాయి. కానీ ఇంకా చేయని తప్పుకు ముందే మందలించడం బాగుండదు. ఫోను ఎందుకు వస్తుంది? ఇంకా ఏదో మిగిలి ఉందన్న అనుమానంతో వస్తుంది, లేదా కారణం తెలుసుకోవడానికి వస్తుంది. మొదటిదానికి "ఈ నియామకంలో ఇక జరగవలసిన దశలేవీ లేవు" అన్న వాక్యం జవాబు. రెండవదానికి, వివరం కావాలంటే మెయిల్‌కే జవాబు రాయమని, అదీ ఒక తేదీలోగా రాయమని చెప్పడం జవాబు. వివరం ఇచ్చే తీరిక నిజంగా లేకపోతే ఆ వాక్యం రాయకండి. "తగిన అవకాశం ఉన్నప్పుడు సంప్రదిస్తాము" అన్నది కూడా అంతే. మీ దగ్గర పాత అభ్యర్థుల జాబితా చూసే అలవాటు లేకపోతే అది నెరవేరని మాట. దానికి బదులు, తరువాతి ప్రకటనలకు ఆయన కొత్తగా దరఖాస్తు చేసుకోవచ్చని రాయండి; చొరవ ఎవరి చేతిలో ఉందో తేలిపోతుంది. బయోడేటాను దాచుకోవాలనుకుంటే అనుమతి అడిగి దాచుకోండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తరువాత, ఒక పనికి తీసుకున్న వివరాలను ఇంకో పనికి ఊరికే ఉంచుకోవడం మంచి పద్ధతి కాదు.

ఎడిటర్ గారు పూర్తి చేయని వార్తే నిజమైన కారణమని చెప్పారనుకుంటే, మొత్తం ఉత్తరం ఇలా ఉంటుంది:

విషయం: సబ్ ఎడిటర్ నియామకంపై మా నిర్ణయం

… గారికి,

నమస్కారం.

సబ్ ఎడిటర్ ఉద్యోగం కోసం మీరు రాత పరీక్ష రాసినందుకు, ఆ తరువాత వరంగల్ నుంచి ముఖాముఖికి వచ్చినందుకు ధన్యవాదాలు. ఈ ఉద్యోగానికి మేము మరొక అభ్యర్థిని ఎంపిక చేశాము. మీరు ఎంపిక కాలేదని తెలియజేస్తున్నాము.

మా డెస్క్‌లో వార్తలు ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి కనుక, పరీక్షలో మూడు వార్తలనూ ఇచ్చిన సమయంలో పూర్తి చేసిన అభ్యర్థికి ప్రాధాన్యం ఇచ్చాము. సాగునీటి వార్తకు మీరు పెట్టిన శీర్షిక మా డెస్క్‌లో అందరికీ నచ్చింది.

ఈ నియామకంలో ఇక జరగవలసిన దశలేవీ లేవు. మీ పరీక్ష ప్రతిపై మరింత వివరం కావాలనుకుంటే ఈ నెల 20వ తేదీలోగా ఈ మెయిల్‌కే జవాబు రాయండి, రాతపూర్వకంగా పంపుతాను. ఇకముందు మేము ప్రకటించే ఉద్యోగాలకు మీరు మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇట్లు,
(మీ పేరు, హోదా)

కింద "మానవ వనరుల విభాగం" అని మాత్రమే పెట్టకుండా మనిషి పేరు పెట్టండి. ముఖాముఖి రోజు ఆయనతో మాట్లాడిన వ్యక్తి పేరైతే ఇంకా మంచిది.

పంపేముందు, ఈ నియామకంతో సంబంధం లేని ఒక సహోద్యోగికి ఉత్తరాన్ని ఒక్కసారి చదవనిచ్చి, తీసేసుకుని, మూడు ప్రశ్నలు అడగండి: ఉద్యోగం వచ్చిందా? ఇంకా ఎదురుచూడాలా? ఎందుకు రాలేదు? మూడింటికీ తడుముకోకుండా జవాబు వస్తే ఉత్తరం సిద్ధంగా ఉన్నట్టు. రెండవ ప్రశ్న దగ్గర "చూడవచ్చేమో" అన్న మాట వచ్చిందంటే ఎక్కడో ఒక ఆశ పెట్టే పదం దాక్కుని ఉంది; వెతికి తీసేయండి. "అబ్బ, పాపం" అన్న మాట ముందుగా వస్తే ఏదో ఒక వాక్యానికి కర్త ఇంకా ఆ అభ్యర్థే అయి ఉంటారు.

పంపిన తరువాత వచ్చే జవాబులు కూడా మీకు పరీక్షే. "మరి ఎప్పుడు తెలియజేస్తారు?" అని రాస్తే నిర్ణయం అందలేదన్నమాట, ఇంకో మర్యాద వాక్యం చేర్చకుండా, నిర్ణయపు వాక్యాన్నే మళ్లీ పంపండి. "నన్ను అవమానించారు" అని రాస్తే కారణం మనిషిని తాకిందన్నమాట. కొందరు ఏమీ రాయరు, అదీ సహజమే. ఎంపికైన వ్యక్తి ఒప్పుకున్న వెంటనే ఈ మెయిల్ పంపండి. మన పత్రికా రంగం చిన్నది, ఎవరు ఎక్కడ చేరుతున్నారో వాట్సాప్‌లో ఒక పూటలో తెలిసిపోతుంది, ఆయనకు ఈ సంగతి ముందుగా మీ నుంచే తెలియాలి.

ఇంత రాసినా ఆయన ఫోన్ చేయవచ్చు. అప్పుడు ఎడిటర్ గారికి ఇవ్వకుండా మీరే మాట్లాడండి. "ఇంకో అవకాశం ఇవ్వండి మేడమ్, ఒక వారం ఊరికే పనిచేసి చూపిస్తాను" అని అడిగితే, "చూద్దాం", "అడిగి చెబుతాను" అన్న మాటలు నోటి దాకా వస్తాయి. ఎదుటివారిని కాదనలేని మన అలవాటు అది. అక్కడ ఆ మాట అంటే ఉత్తరంలో కుదిరిన స్పష్టత అంతా పోతుంది. "ఈ ఉద్యోగానికి ఎంపిక పూర్తయిపోయిందండీ, అది మారదు. మీ పరీక్ష ప్రతి మీద వివరాలు కావాలంటే మెయిల్‌లో అడగండి, తప్పకుండా పంపుతాను" అని, గొంతు తగ్గించి, అదే మాట అవసరమైతే రెండవసారి కూడా చెప్పండి. ఆ వివరాల్లో మిలియన్ సంగతి ఉండనివ్వండి, ఏ వాక్యంలో ఏ అంకె పడిందో, ఏం పడాలో చూపిస్తూ.